వెంకటకృష్ణ సారు వదిలేసిన లైను

వెంకటకృష్ణ సారు వచ్చే నెల రిటైర్ అవుతున్నాడు. సావనీర్ వేస్తున్నారు, ఆయన గురించి ఒక పేజీ రాయమని ప్రిన్సిపాల్ మేడం నన్ను పట్టుకుంది. "నువ్వు ఆయన స్టూడెంటువి, ఇప్పుడు ఆయన డిపార్ట్‌మెంట్లనే పనిచేస్తున్నవు. నాలుగు మంచి మాటలు రాయి మంగ్లీ" అంది. రెండు రోజులు ఆలోచించాను. రెండే దొరికాయి: టైముకు వస్తాడు, అక్షరం గుండ్రంగా ఉంటుంది. మిగతా పేజీ ఇది. దీన్ని వేయరని తెలుసు. అయినా రాస్తున్నాను, కడుపుమంట చల్లారాలి కదా.

మా కాలేజీ పేరు చెప్పను. ఖమ్మం దాటి బొగ్గు గనుల వైపు వస్తే తగిలే సర్కారు డిగ్రీ కాలేజీల్లో ఒకటి అనుకోండి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ చేస్తే బోర్డు మీది సుద్దపొడి రాలుతుంది. సారు వాళ్లు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్నారు, పామాయిల్ తోట ఉంది. ముప్పై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాడు, ముప్పై ఏళ్లుగా ఒకటే నోట్సు. అట్ట ఊడితే టేపు వేశాడు గానీ లోపల ఒక్క అక్షరం మార్చలేదు. ఆయన బోర్డు మీద ఎక్కిస్తాడు, మేము పుస్తకంలోకి దించుకోవాలి. మధ్యలో నోరు తెరిస్తే నేరం.

సెకండియర్‌లో నేను తెరిచాను. e అనే సంఖ్యను p/q భిన్నంగా రాయలేమని, అంటే అది కరణీయ సంఖ్య అని సారు రుజువు చేస్తున్న రోజది. ఒకటికి 1/1!, 1/2!, 1/3! ఇలా ఆగకుండా కలుపుతూ పోతే వచ్చేది e. అది p/q అనుకుందాం అన్నాడు. రెండు వైపులా q! తో గుణించాడు. ఎడమవైపు పూర్ణసంఖ్య వచ్చింది. కుడివైపు 1/q! దాకా ఉన్న పదాలన్నీ పూర్ణసంఖ్యలే అయ్యాయి. ఇంక మిగిలిన తోకకు R అని పేరు పెట్టాడు. లెక్క సరిపోవాలంటే R కూడా పూర్ణసంఖ్యే కావాలి. కానీ R ఒకటి కన్నా చిన్నది. "కాబట్టి వైరుధ్యం. రాసుకోండి" అన్నాడు.

"సార్, సున్న గూడ ఒకటి కన్న చిన్నదే గద. R సున్న అయితే ఏంది?" అన్నాను.

క్లాసు నవ్వింది. సారు నవ్వలేదు. "మీ తండాలో నేర్పేది ఇదేనా, పెద్దవాళ్లకు ఎదురు చెప్పటం? నోట్సులో ఉన్నది రాయి. కూర్చో" అన్నాడు. ఇంటర్నల్ పరీక్షలో నేను 0 < R అని ఒక లైను చేర్చాను. కలిపేవన్నీ ధన సంఖ్యలే కాబట్టి అని కారణం కూడా రాశాను. దాని మీద ఎర్రగీత కొట్టి రెండు మార్కులు కోశాడు. ఆ పేపరు ఇప్పటికీ నా దగ్గరుంది. పారేయబుద్ధి కాలేదు.

ఎమ్మెస్సీ చేసి అదే కాలేజీకి గెస్ట్ లెక్చరర్‌గా వచ్చాను. గెస్టుల బతుకు జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. ఏటా మళ్లీ డెమో క్లాసు చెప్పి నెగ్గాలి. పోయిన జూన్‌లో పోస్టు ఒకటి, మేము ఇద్దరం. నాతో పోటీపడ్డది వీరబాబు, సారు నోట్సు కామాలతో సహా అప్పజెప్పగల శిష్యుడు. పోస్టు పోతే నేను కారేపల్లి దగ్గర మా తండాకు పోయి అమ్మతోపాటు మిరపతోటల్లో కూలికి దిగాలి. అమ్మ ఆ మాట పైకి అనలేదు గానీ పొద్దున బస్సెక్కిస్తూ నా చెయ్యి వదల్లేదు.

ఎదురుగా ముగ్గురు కూర్చున్నారు: ప్రిన్సిపాల్ మేడం, సారు, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఉదయ్ భాస్కర్ అనే పెద్దాయన. టాపిక్ చీటీ సారే ఇచ్చాడు. విప్పితే e. కావాలనే ఇచ్చాడని ఇప్పటికీ నా నమ్మకం.

మొదలుపెట్టాను. R లో మొదటి పదం 1/(q+1). రెండోది 1/(q+1)² కన్నా చిన్నది, మూడోది 1/(q+1)³ కన్నా చిన్నది. ఆ గుణశ్రేఢి మొత్తం 1/q. కాబట్టి R < 1/q < 1 అని రాశాను. పక్కన 0 < R అని రాయబోతుంటే సారు బల్ల మీద కొట్టాడు.

"ఇంకా అదేనా? పదేళ్లయినా మారలేదు. ఆ లైను అనవసరం, చెరిపేయ్."

సుద్దముక్క దించలేదు. భయం వేయలేదు, కోపం వచ్చింది. "అవసరమే సార్. చూపిస్త" అన్నాను. e సిరీస్‌ను మూడు పదాల దగ్గర కోసి 1 + 1 + 1/2 అని రాశాను. "ఇది అయిదు బై రెండు. రెండు ఫ్యాక్టోరియల్ తోటి గుణిస్తే అయిదు. తోక లేదు, R సున్న. సున్న పూర్ణసంఖ్యనే, ఒకటి కన్న చిన్నదే. మీరు వైరుధ్యం అన్నచోట ఇక్కడ ఏ వైరుధ్యం లేదు. అయినా ఉన్నదే అంటే, అయిదు బై రెండు గూడ భిన్నం కాదని ఒప్పుకోవాలె."

"అది కోసేసిన సిరీస్ కదమ్మా! e ఆగదు" అన్నాడు సారు.

"ఆగదన్న సంగతి మీ రుజువుకు ఎట్ల తెలుస్తది సార్? ఆ ఒక్క లైనుకే తెలుసు."

ఉదయ్ భాస్కర్ గారు పెన్ను తీసి ఏదో రాసుకున్నారు. సారు ముఖం కందిపోయింది. ఇరవైకి ఆయన నాకు వేసింది ఆరు. మిగతా ఇద్దరూ నిలబెట్టారు, ఒక్క మార్కు తేడాతో పోస్టు నాకు దక్కింది. గురివింద తన నలుపెరగదని ఏడాదంతా ఆయన వెనక అనుకుంటూ తిరిగాను. ఆ ముఖం గుర్తొచ్చినప్పుడల్లా సంబరపడ్డాను కూడా, దాచడమెందుకు.

ఇక్కడితో ఆపితే పేజీ నాకు బాగుండేది. కానీ పోయిన వారం సెకండియర్‌కు ఇదే పాఠం చెప్పాను. డెమోలో రాసినట్టే బోర్డంతా రాసి, 0 < R కింద రెండు గీతలు గీసి, ఇది మరిచిపోతే ఊరుకోనన్నాను. చివరి బెంచీలో పూలి లేచింది. భద్రాచలం అవతలి అడవి ఊరి పిల్ల, హాస్టల్లో ఉంటుంది, ఏడాదిలో నోరు విప్పగా నేను వినలేదు.

"మేడం, q ఒకటైతే 1/q గూడ ఒకటే గద. ఒకటి ఒకటి కన్న చిన్నది ఎట్లయితది?"

క్లాసు నవ్వింది. బెల్లుకు అయిదు నిమిషాలే ఉంది. "గట్లాంటివన్నీ పరీక్షల రావు. కూసో" అన్నాను.

పూలి కూర్చుంది. తలవంచి బోర్డు మీదున్నది ఉన్నట్టు ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. ఆ వంచిన తల చూశాక బోర్డు వైపు తిరిగాను. 1/q < 1. పిల్ల చెప్పింది నిజం. q ఒకటైతే అది తప్పు. డెమోలో ఇదే రాశాను, ముగ్గురిలో ఎవరూ చూడలేదు. R ఎలాగూ 1/q కన్నా తక్కువే కాబట్టి, 1/q ఒకటి అయినా రుజువు నిలబడుతుంది. రెండో గుర్తు కింద చిన్న గీత గీసి ≤ చేస్తే చాలు.

సిగ్గేసింది. "పూలీ, ఇటు రా. తప్పు నాదే" అని సుద్దముక్క ఇచ్చాను. ఆ పిల్ల భయపడుతూ వచ్చి గీత గీసింది. మళ్లీ నవ్వబోయిన వాళ్లను నేను నవ్వనివ్వలేదు.

సారును నేను క్షమించలేదు, క్షమించను. కానీ పూలిని "కూసో" అన్నది ఆయన కాదు, నేను. అది రాయకుండా ఈ పేజీ ముగిస్తే నేనూ ఒక లైను వదిలేసినట్టే.