మోటారు నడుస్తుండగా చూడండి

ఎల్బీ నగర్ దాటాక ఉన్న ఒక నీళ్ల పంపుహౌస్‌లో ఆపరేటరుగా పనిచేసే ఆవిడకు ఉద్యోగం తీసేస్తామని నోటీసిచ్చారు. సంపు నిండా నీళ్లున్నా పంపు ఆపేస్తోందని, దాంతో పై కాలనీల్లో కుళాయిలు ఎండిపోతున్నాయని ఆరోపణ. నేను కొలత పరికరాలు చూసే టెక్నీషియన్ని, ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. ఆ పంపుహౌస్ కాంట్రాక్టరు నన్ను పంపింది తప్పెక్కడుందో తేల్చడానికి కాదు, పరికరం బాగానే ఉందని సంతకం పెట్టడానికి. అక్కడి సూపర్‌వైజరు ఆ మాట నేను బండి స్టాండు వేయకముందే చెప్పేశాడు. అక్కడే నాకు ఒళ్లు మండింది.

సంపులో నీటిమట్టం కొలిచే సెన్సరు ఒకటి ఉంటుంది. దాని నుంచి సన్నని కేబులు పంపును నడిపే ప్యానెల్ పెట్టెకు వస్తుంది. నీళ్లు తక్కువున్నాయని ఆ కేబులు చెబితే పంపు దానంతటదే ఆగిపోతుంది. అంటే పంపును ఆపుతున్నది ఆవిడ కాదు, ప్యానెలే. ఈ మాత్రం తెలియని వాళ్లు నోటీసు మాత్రం చక్కగా టైపు చేయించారు.

సూపర్‌వైజరు మోటారు ఆపించి రీడింగు చూపించాడు. మూడు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు, కదలకుండా నిలబడింది. ఇంతకుముందు మూడుసార్లు ఇలాగే పరీక్షించారట, మూడుసార్లూ బాగానే ఉందట.

ఆవిడ గోడ పక్కన నిలబడి ఉంది. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి బడంగ్‌పేట్‌లో కిరాయికి ఉంటోంది. ఇద్దరు పిల్లల చదువు ఈ జీతం మీదే నడుస్తోంది. నన్ను చూసి నెమ్మదిగా అంది: "సారూ, మోటర్ బంద్ వెట్టి చూస్తే అంతా మంచిగనే ఉంటది. నడుస్తుంటే చూడుండ్రి."

ఆవిడ లాగ్‌బుక్కు తెరిచాను. పంపు ఆగిన ప్రతిసారీ సంపులోకి కొలకర్ర దించి, తడి ఎంతవరకు ఉందో పక్కనే రాసింది. మీటరు ఒకటి చెబుతోంది, కర్ర ఇంకొకటి. నెలల తరబడి రాసిన ఆ పేజీలను ఒక్కరూ తిప్పి చూడలేదు. నాకు వచ్చిన కోపానికి ఆ పుస్తకం సూపర్‌వైజరు చేతిలో పెట్టి గట్టిగా చదవమన్నాను.

మోటారు వేయించాను. మోటారు వేగం పెరుగుతున్నకొద్దీ రీడింగు గంతులు మొదలుపెట్టింది. రెండు ఎనభై, మూడున్నర, ఒకటీ పది. పంపు ఆగిపోయింది. కర్ర దించితే నీళ్లు మూడు ఇరవైలోనే ఉన్నాయి.

మోటారు వేగాన్ని మార్చే డ్రైవు కరెంటును క్షణానికి వేల ముక్కలుగా కోసి పంపుతుంది. ఆ కరెంటు మోసే కేబులు పక్కనే, ఒకే ట్రేలో, ముప్పై మీటర్ల పొడవునా సెన్సరు కేబులును పడుకోబెట్టారు. ఆ రొద దీనిలోకి ఎక్కకుండా కేబులు చుట్టూ రేకు తొడుగు ఉంటుంది. దాన్ని ఒక తీగతో ఎర్తుకు కలిపితేనే పని చేస్తుంది. ఇక్కడ ఆ తొడుగు తీగను రెండు చివరలా కత్తిరించి, పైన నల్ల స్లీవు తొడిగారు. మా పనివాళ్ల అలవాటే అది. వేలాడే తీగ కనబడితే తనిఖీకి వచ్చినవాడు వంక పెడతాడని చూడముచ్చటగా కోసేస్తారు.

ఎవరు చేశారని అడిగితే అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం.

తీగను ప్యానెల్ దగ్గర ఎర్తు పట్టీకి బిగించాను. రెండో చివర కూడా కలిపేస్తే డబుల్ సేఫ్టీ కదా అన్నాడు సూపర్‌వైజరు. సంపు దగ్గరి ఎర్తూ ఇక్కడి ఎర్తూ సమానంగా ఉండవని, రెండూ కలిపితే ఆ తేడా కొద్దీ తొడుగులోనే కరెంటు పారి కొత్త తలనొప్పి తెస్తుందని చెప్పి వద్దన్నాను. రీడింగు చాలావరకు కుదుటపడింది. మధ్యాహ్నానికి కేబులును అవతలి గోడకు మార్చాక, మోటారు పూర్తి వేగంతో తిరుగుతున్నా, తోడినన్ని నీళ్లు మళ్లీ వచ్చి చేరుతున్న సంపు రీడింగు మూడు ఇరవై దగ్గర కదలకుండా నిలిచింది. ఆవిడ కర్ర దించి చూసి, తల ఊపింది.

ప్యానెల్ తలుపు మూయబోతుంటే లోపల అంటించిన తనిఖీ కాగితం కనబడింది. వైరింగ్ శుభ్రంగా ఉంది అని రాసి ఉంది. కింద సంతకం నాదే. పంపుహౌస్ అప్పగించిన రోజుల్లో నెలకు పదిచోట్ల తిరిగేవాణ్ని. ఈ చోటు గుర్తు కూడా లేదు. మోటారు ఆపించే చూసి ఉంటాను. పొద్దుటి నుంచి లోకం మీద చూపించిన కోపమంతా నా మీదికే తిరిగింది.

సెన్సరు పాతబడిందని రాసేస్తే అందరికీ మంచిదని సూపర్‌వైజరు సలహా ఇచ్చాడు. నేను ఉన్నది ఉన్నట్టు రాశాను. తొడుగుకు ఎర్తు లేదు, కేబులు తప్పు దారిన వేశారు, మోటారు ఆపి చూసి పాస్ చేసింది నేను, ఆపరేటరు రాసిన ప్రతి కొలతా నిజం.

ఆవిడ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "మరి మీకేమన్న అయితది గద సారూ?"

అయితే అవనివ్వమ్మా అన్నాను. ఆవిడ నోటీసు రద్దయింది, క్షమించమని మాత్రం ఎవరూ అనలేదు. ఏ తప్పూ చేయని మనిషికి ఒట్టి అనుమానం మీద నోటీసు పంపినవాళ్లు, తప్పు నాదేనని సంతకం పెట్టి రాసిచ్చిన నన్ను ఇంతవరకు ఒక్క మాట అడగలేదు.