అడ్వాన్స్ టాక్సుకి శుక్రవారం అడ్డు

శుక్రవారం ఇంట్లోంచి డబ్బు బయటికి వెళ్ళకూడదని మా అత్తగారి పట్టు. పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదిలో, పన్ను వాయిదాకి గడువైన సెప్టెంబరు పదిహేను శుక్రవారమైంది. కొబ్బరికాయల వ్యాపారం చేసే మావారు అడ్వాన్స్ టాక్సు మొదటి వాయిదా శనివారం కట్టి అమలాపురం ఆడిటరుగారి దగ్గరకు వెళ్ళారు.

“ఒక్క రోజే కదండీ?” అన్నారు మావారు.

“రోజైనా మూణ్ణెల్ల వడ్డీ పడుద్దండీ, నూటికి నెలకి రూపాయిన్నర. డిసెంబరు పదిహేనుకి మొత్తం పన్నులో సగం చేరాలి. తగ్గితే తగ్గినదాని మీద మళ్ళీ మూణ్ణెల్ల వడ్డీయండీ,” అన్నారు ఆడిటరుగారు.

డిసెంబరు పదిహేనూ శుక్రవారమే! కాయలు కొన్న షావుకారు సొమ్ము గురువారం బ్యాంకు మూశాక అందింది. మావారు వీధిలోకీ పెరట్లోకీ తిరుగుతున్నారు.

“డబ్బు లోపలికి తేకండి, కొట్లోనే ఉంచండి,” అన్నాను మెల్లగా.

అత్తగారు విననే విన్నారు. “కొట్టు మాత్రం మనది కాదేటే?”

మళ్ళీ ఆవిడే మావారితో, “పక్కింటి పంతులమ్మగారికి ఇచ్చి ఉంచరా. చర్చికెళ్ళేవాళ్ళు, వాళ్ళకి శుక్రవారం పట్టింపు లేదు,” అన్నారు.

“ఆయ్, తెండి. ఆదివారమైతే మాత్రం నేనివ్వనండోయ్!” అని నవ్వారు పంతులమ్మగారు.

సెప్టెంబరు వడ్డీ ఎలాగూ తప్పలేదు. శుక్రవారం మావారు పంతులమ్మగారి దగ్గర డబ్బు తీసుకుని బ్యాంకులో కట్టి, ముద్ర పడిన చలానాతో తిరిగొచ్చాకే నేను అన్నానికి కూర్చున్నాను.