అనుబంధం మూడుకు లోబడి

ఆగస్టు నెల, రెండో ఆదివారం, సాయంత్రం. ఉన్నవారు: రెడ్డిగూడెం కోటేశ్వరరావు, అతని భార్య నాగమణి, మా ఆవిడ, నేను. వాన లేదు. ఉక్కగా ఉంది.

ఆనాటి నా డైరీ ఇలాగే మొదలవుతుంది. దాని కింద ఒక వాక్యం రాశాను: కోటేశ్వరరావుకు లీజు కాగితంలో రెండు పేజీలు తెలుగు చేసి ఇచ్చాను, ఉచితంగా. ఆ వాక్యంలో అబద్ధం లేదు. కానీ అక్కడ రాయనిదాన్ని ఇన్నేళ్ళూ మోశాను. డెబ్బై దాటిన ఒంటికి ఏ బరువైనా ఎక్కువే, ఇది మరీ ఎక్కువ. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళతో చెప్పలేక మీతో చెబుతున్నాను.

నేను కోర్టులో అనువాదకుడిగా పనిచేసి రిటైరయ్యాను. దస్తావేజులు, వాంగ్మూలాలు, తీర్పులు. ఇంగ్లీషు నుంచి తెలుగు, తెలుగు నుంచి ఇంగ్లీషు. రిటైరయ్యాక విశ్రాంతి అనుకున్నాను. నూజివీడు చుట్టుపక్కల ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా నా అరుగు మీదికే వచ్చేది. ఇన్సూరెన్సు పాలసీ, ఆసుపత్రి రిపోర్టు, బ్యాంకు నోటీసు. "ఒక్క పది నిమిషాలండీ" అనేవారు. ఆ పది నిమిషాలు నా మధ్యాహ్నాలన్నీ తినేశాయి. మెడ నొప్పి మొదలైంది. అప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. పెద్ద కాగితమైతే ఉచితంగా చేయను. ముఖ్యమైన ముక్క ఒకటి చేసిస్తాను, మిగతాదానికి డబ్బు తీసుకుని చేసేవాళ్ళ నంబరిస్తాను. ఇప్పటికీ అందులో తప్పు నాకు కనిపించదు. అలా కాదనడం నా నేరం కాదు. ఈ మాట ముందే చెప్పడం తప్పించుకోవడమా? కావచ్చు. అయినా నిజం.

కోటేశ్వరరావుకు పన్నెండెకరాల మామిడి తోట. సగం కలెక్టరు కాయ, సగం చిన్న రసాలు. రసాల చెట్లు అతని తండ్రి నాటినవి. గుజ్జు తీసే కంపెనీ ఒకటి తోటను పదేళ్ళకు లీజుకు అడిగింది. కాగితం అరవై పేజీలు. సంతకానికి నాలుగు రోజులు గడువు.

"బాబాయి గారూ, అరవై పేజీలేనండీ. మీకెంత, ఒక్క పూట పని" అన్నాడు కోటేశ్వరరావు.

"పూటా? మీ బాబాయి గారికి కూరల చీటీ రాయడానికే పూట పడుతుంది" అంది మా ఆవిడ, కాఫీ గ్లాసులు పెడుతూ.

"మా అల్లుడు ఫోన్లో ఫోటో తీసి తెలుగు చేయించాడండీ" అంది నాగమణి. "ఈ ఒప్పందాన్ని ఇరుపక్షాలూ కలిసి ఉరితీశాయి అని వచ్చింది. అది చదివాక ఈయన రాత్రి అన్నం తినలేదు."

ఇంగ్లీషులో ఎగ్జిక్యూట్ అంటే సంతకంతో అమలు చేయడమూ అవుతుంది, ఉరితీయడమూ అవుతుంది. అందరం నవ్వాం. తర్వాత నేను నెమ్మదిగా చెప్పాను. "కోటేశ్వరరావూ, మొత్తం ఉచితంగా చేయలేనయ్యా. పేజీకి మూడు వందల మాటలున్నాయి. ఇలాంటి కాగితం రోజుకు ఆరు పేజీలు చేస్తే గొప్ప. ముందు నిర్వచనాలు చేయాలి. అక్కడ ఒక పదానికి ఏ తెలుగు పెట్టానో చివరిదాకా అదే రావాలి. తర్వాత మూలంతో పక్కపక్కన పెట్టి సరిచూడాలి. పదిహేను రోజుల పని. నా మెడ ఒప్పుకోదు."

అతని మొహం చిన్నబోయింది. "మరి ఎలాగండీ?"

"విజయవాడలో ఒకామె ఉంది. లీజు కాగితాలే చేస్తుంది. ముందు మొత్తం చూసి పేజీకి ఇంత అని చెబుతుంది. తొందరైతే ఇంకొకళ్ళతో పంచుకుని గడువులోగా ఇస్తుంది. నంబరు రాసిస్తాను. ఈలోగా నీకు దేని గురించి భయమో చెప్పు, ఆ ముక్క నేను చేసిస్తాను."

అతను భార్య వైపు చూశాడు. చెప్పింది ఆమే. "చెట్లండీ. గుజ్జుకు వాళ్ళకు కావలసింది కలెక్టరు కాయ. రసాల చెట్లు కొట్టేస్తారేమోనని."

నంబరు చీటీ మీద రాసిచ్చాను. అతను మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రేపు సాయంత్రం రండి అన్నాను. ఇంతవరకూ అంతా పద్ధతిగానే జరిగింది.

మర్నాడు కాగితమంతా తిరగేశాను. ఒక్క ముక్క చేయాలన్నా మొత్తం చూడాలి. ఏ షరతు ఏ షరతును పట్టుకుని వేలాడుతోందో తెలియకుండా మధ్యలోంచి రెండు పేజీలు తీసి తెలుగు చేయకూడదు. కోర్టులో చేరిన కొత్తవాళ్ళకు ఈ మాట నేనే చెప్పేవాణ్ణి. చెట్ల సంగతి తొమ్మిదో షరతులో ఉంది. అనుబంధం మూడుకు లోబడి, యజమాని రాతపూర్వకమైన అంగీకారం లేకుండా తోటలో ఏ చెట్టునూ తొలగించరాదు. ఇదీ వాక్యం. అనుబంధం మూడు చివర్లో ఉంది. తొమ్మిది పేజీలు, చిన్న అచ్చు. అదీ చదివాను. కాపు తగ్గిన చెట్లను కంపెనీ మనిషి గుర్తించి జాబితా పంపవచ్చు. జాబితా అందిన పదిహేను రోజుల్లో యజమాని అభ్యంతరం రాసి పంపకపోతే అంగీకరించినట్టే. ఆ చెట్లు తీసి కంపెనీ తనకు కావలసిన రకం నాటుకోవచ్చు.

అంటే తొమ్మిదో షరతు ఒక చేత్తో ఇచ్చింది. అనుబంధం రెండో చేత్తో తీసుకుంది.

నేను చేయవలసింది చాలా చిన్న పని. వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాయడం, కింద ఒక గమనిక పెట్టడం: అనుబంధం మూడు తెలుగు చేయలేదు, అది చేయించుకోకుండా సంతకం పెట్టవద్దు. అంతే. మిగతాది విజయవాడ ఆమె చూసుకునేది.

ఎందుకు రాయలేదు?

చాలా జవాబులు చెప్పుకున్నాను. మెడ నొప్పి అన్నాను. పొరపాటున జారిపోయింది అని కొన్నాళ్ళు నన్ను నేను నమ్మించుకోబోయాను, కానీ ముప్పై ఏళ్ళు మాట మాటా సరిచూసి బతికినవాడికి వాక్యం మొదట్లోనే ఉన్న మాటలు జారిపోవు. అసలు కారణం నీచంగా చిన్నది. ఆ మాటలు రాస్తే కోటేశ్వరరావు తల గోక్కుని "ఆ అనుబంధం కూడా కాస్త చేసిపెట్టండి బాబాయి గారూ" అంటాడు. రెండోసారి కాదనాలి. మొదటిసారికే అలిసిపోయాను. రెండోసారి వాళ్ళ మొహం చూసి కాదనే ఓపిక లేదు. అందుకని 'అనుబంధం మూడుకు లోబడి' అన్న ఆ మూడు మాటలూ మానేశాను. వాక్యం చక్కగా, నిండుగా కనిపించింది.

సాయంత్రం వాళ్ళొచ్చారు. చదివి వినిపించాను. రాతపూర్వకమైన అంగీకారం లేకుండా ఏ చెట్టునూ తొలగించరాదు. నాగమణి కళ్ళు మూసుకుని మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. అవును, రెండుసార్లు.

కోటేశ్వరరావు జేబులోంచి నంబరు చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంక ఆమెతో పనేముందండీ. అసలు సంగతి తెలిసిపోయింది."

అప్పుడైనా చెప్పవచ్చు. నోరు తెరిస్తే చాలు. నేను ఆ చీటీని కాఫీ గ్లాసు కిందికి జరిపాను.

సంతకం పెట్టిన మూడో ఏడు, కాపు అయిపోయాక కంపెనీ జాబితా వచ్చింది, ఇంగ్లీషులో. కోటేశ్వరరావు దాన్ని బీరువాలో పెట్టాడు. మా అంగీకారం లేకుండా ఏం చేస్తారులే అనుకున్నాడట. నా దగ్గరికి తెచ్చేవాడే, మాటిమాటికీ ఇబ్బంది పెట్టకూడదని ఆగాడట. ఇది అతనే చెప్పాడు. గడువు దాటాక రంపాలొచ్చాయి. రెండు రోజుల్లో నలభై మూడు రసాల చెట్లు పడిపోయాయి. తండ్రి నాటిన వాటిలో అవి సగం. నేను చూడటానికి వెళ్ళలేదు. విస్సన్నపేట పోయే బస్సులోంచి ఒకసారి కనిపించింది, ఆ మేర ఆకాశం ఎక్కువగా ఉంది.

గొడవకు వెళ్తే కంపెనీ మేనేజరు అనుబంధం తీసి చూపించాడట. కోటేశ్వరరావు నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "అనుబంధం సంగతి మిమ్మల్ని అడగకపోవడం నాదే పొరపాటు బాబాయి గారూ. మీరు చేసిన రెండు పేజీలూ బంగారంలా ఉన్నాయి" అన్నాడు. నేను తలూపాను. ఆ తలూపడాన్ని నేనింకా క్షమించుకోలేదు. తర్వాత పెళ్ళిళ్ళలో ఎక్కడ కనిపించినా పక్కవాళ్ళకు నన్ను చూపించి చెప్పేవాడు, బాబాయి గారు పైసా తీసుకోకుండా చేసిపెట్టారని. నేను చేతులు కడుక్కునే నెపంతో లేచి వెళ్ళిపోయేవాణ్ణి.

ఈ ఏడు కాపు అయిపోయింది. కంపెనీ మనిషి మిగిలిన రసాల చెట్లకు సున్నపు గుర్తులు పెడుతున్నాడని మా ఆవిడ ఎవరి ద్వారానో విని చెప్పింది. ఆ మధ్యాహ్నమే ఆటో ఎక్కి రెడ్డిగూడెం వెళ్ళాను.

కోటేశ్వరరావు వరండాలో కూర్చుని చిక్కం వల కుట్టుకుంటున్నాడు, కాయలు కోసే గడ కర్రకు కట్టే వల. నాగమణి కుర్చీ వేసింది. కూర్చోకుండానే చెప్పాను. ఏ మాటలు మానేశానో చెప్పాను, తెలిసే మానేశానని చెప్పాను. అతను సూది ఆపలేదు. నాగమణి అంది, "చేయనన్నారు. సరే అన్నాం కదండీ. నంబరిచ్చారు. ఆమెతో చేయించుకునేవాళ్ళం. మరి అది ఎందుకు తీసేశారు?"

 పైన మీకు రాసిన కారణం ఆమె ముందు నోటి దాకా రాలేదు. ఆమె వేసిన కుర్చీని దాటుకుని వచ్చేశాను. ఎవరూ గేటు దాకా రాలేదు. కానీ దారిలో ఇన్నేళ్ళ బరువు దిగినట్టనిపించింది. వాళ్ళ చెట్లు పోయాయి, తేలికైంది నాకు. ఇదేం న్యాయం? ఆ రాత్రి నిద్రపోయాను కూడా. ఆ మాటా దాచకూడదు కాబట్టి రాస్తున్నాను.

మర్నాడు పొద్దున ఏడింటికే కోటేశ్వరరావు వచ్చాడు. చేతిలో అనుబంధం మూడు, తొమ్మిది పేజీలు. దాని మీద కొత్త జాబితా, ఇంకా పదిహేను రోజుల గడువు దాటనిది.

"ఇది చేయాలండీ. పేజీకి ఎంతో చెప్పండి" అన్నాడు. బాబాయి గారూ అనలేదు.

"డబ్బెందుకయ్యా..."

"ఉచితంగా వద్దండీ."

రేటు చెప్పాను. సరేనన్నాడు. మా ఆవిడ కాఫీ తెస్తే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. నేను కాగితం తీసి మొదలుపెట్టాను. అతను వెళ్ళలేదు. కుర్చీ నా పక్కకు లాక్కుని కూర్చున్నాడు. ఇంగ్లీషు రాదు. అయినా ఇంగ్లీషు పేజీ మొదటి వరుస మీద వేలు పెట్టి నా వైపు చూశాడు.

"ఇది మీరు రాసిందాంట్లో ఎక్కడుంది?"

చూపించాను.

వేలు రెండో వరుస మీదికి జరిపాడు.