అవ్వ నోట్లో ఆగిన తిట్టు

తస్లీమా మీద నాకు అనుమానం వచ్చింది. అనుమానంతో పాటు ఒళ్లూ మండింది.

తస్లీమా ప్రొద్దుటూరులో కూర్చుని స్పానిష్ నవలలను ఇంగ్లీషులోకి తెస్తుంది. హైదరాబాదులో ఆ భాష చదివింది. భర్త కువైట్‌లో ఉంటాడు, ఆమె అత్త అఖ్తర్ బీతో ఉంటూ ఢిల్లీ ప్రచురణకర్తకు పని చేస్తుంది. నేను కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. అందుకే ప్రతి అధ్యాయమూ నాకిచ్చి, "అక్కా, మనుషులు మాట్లాడినట్టే ఉందా?" అని అడుగుతుంది.

ఈ నవలలో స్పెయిన్ దక్షిణాన ఓ పల్లెటూరి అవ్వ ఉంది. మనవళ్లు వింటారని ఏ తిట్టూ పూర్తిగా తిట్టదు. చర్చి ప్రసాదం పేరుతో ఉన్న 'ఓస్తియా' అనే బూతు నోటిదాకా వచ్చినా, "ఓస్త్రాస్!" అంటూ పక్కకు తిప్పేస్తుంది. ఆ మాటకు ఆల్చిప్పలని అర్థం. ఇంగ్లీషులో ఆల్చిప్పలంటే ఎవరికేం తెలుస్తుంది? తస్లీమా "క్రైకీ" అని రాసింది. అదీ క్రీస్తు పేరును సగంలో మింగేసిన మాటే. యాస కోసమని ఇంగ్లీషు మాటల్లో అక్షరాలు తెగ్గోయలేదు, అలా చేస్తే అవ్వ లండన్ సందులో మనిషైపోతుందట. పొట్టి వాక్యాలు, ఎదురు ప్రశ్నలతో ఆమె గొంతు తెచ్చింది.

అంతా బాగుంది. కానీ అంత నోరున్న అవ్వ పోలీసులను ఉత్త "సో అండ్ సోస్", అంటే ఫలానావాళ్లు, అని ఊరుకుంటుందా? ఢిల్లీ ఎడిటరమ్మకూ అదే అనుమానం. "అత్తగారింట్లో కూర్చుని తిట్లు కడిగేశారా? వేరేవాళ్లతో మూలం సరిచూయిస్తాం. నిజమైతే పుస్తకం ఇంకొకరికిస్తాం" అని రాసింది.

నేను ఊరుకోలేక ఇంటికే వెళ్లి అడిగేశాను. "మీయత్తకు భయపడి మెత్తగా రాస్తాండావా ఏంది?"

తస్లీమా ముఖం ఎర్రబడింది. "స్పానిష్‌లో అవ్వ అన్నది 'వాళ్లమ్మ కొడుకులు' అని, అంతే అక్కా. ఆ అమ్మ ఎట్లాంటిదో చెప్పకుండా ఆపుకుంది. ఆమె ఆపుకున్న దాన్ని నేనెట్ల నింపేది? యాడ ఆపుకోలేదో చూడు."

నమ్మలేదు నేను. ఇంకా ఎవరికీ పంపని చివరి అధ్యాయం ఆమె చేతిలోంచి లాక్కుని చదివాను. పోలీసులు అవ్వ కొడుకును జీపులో పడేశారు. మనవళ్లు చూస్తున్నారు. అవ్వ ఆగలేదు. తల్లితో సహా పూర్తి తిట్టు, ఇంగ్లీషులో ఎంత పచ్చిగా అనవచ్చో అంత పచ్చిగా ఉంది. అది ముందే పది చోట్ల వాడేసి ఉంటే ఇక్కడ ఏం మిగిలేది?

"ఈ పేజీ, ఆ 'వాళ్లమ్మ కొడుకులు' పేజీ, రెంటి మూలం పక్కపక్కన పెట్టి ఢిల్లీకి పంపు" అన్నాను. పంపింది. సాయంత్రం నేనింకా అక్కడుండగానే జవాబొచ్చింది: ఒక్క మాట కూడా మార్చం, పుస్తకం మీదే.

"ఏందమ్మా, కొట్లాడుకుంటాండ్రి, మళ్లా నవ్వుతాండారు?" అంటూ అఖ్తర్ బీ వచ్చింది. పాలవాడు నీళ్లు కలిపినా "నీ పాసుగాల" అనే ఉత్తుత్తి తిట్టు దాటని మనిషి. తస్లీమా కథంతా చెప్పింది. చివర ఒక్క క్షణం తటపటాయించి, ఆ తిట్టును తెలుగులో పూర్తిగా అనేసింది. అయిపోయింది, ఈ ఇంట్లో ఇక గొడవే అనుకున్నాను.

అఖ్తర్ బీ కళ్లు తుడుచుకుంది.

"కన్నకొడుకును ఈడ్చుకపోతాంటే ఇంగేమంటాది?" అంది. "ఇంగిలీసులో గట్టిగానే రాసినావు గదా, తస్లీమా?"