పదమూడు అంగుళాల పళ్లెం

ఆ ఆసుపత్రిలో రోగులకు తిండి లెక్క చెప్పే గది రెండో అంతస్తులో, ఎక్స్‌రే గదికి ఎదురుగా ఉంటుంది. పద్దెనిమిదేళ్లుగా అందులో కూర్చుంటున్న డైటీషియన్‌ను అందరూ కంటితూకం మేడమ్ అంటారు. ఫోన్‌లో కంచం ఫొటో చూపిస్తే చాలు, “రెండు కప్పుల అన్నం, నాలుగొందల కేలరీలు” అని టక్కున చెప్పేసేది. ఆ పేరంటే ఆవిడకు పైకి చెప్పుకోలేనంత ఇష్టం.

ఎండాకాలంలో ఆ గదిలోకి ఇంకో బల్ల వచ్చింది. దాని వెనక్కి ఒక కొత్తమ్మాయి వచ్చింది. చదువు అయ్యాక రెండేళ్లు ఒక హోటల్ వంటింట్లో కొలతలు చూసిందట. వచ్చిన రోజే “అక్కా” అని పిలిచింది. మేడమ్‌కు ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు అప్పుడే అక్కనైపోయానా అనుకుంది.

నెల తిరిగేసరికి రోగులు తలుపు తీసి, ముందు ఆ బల్ల వైపు చూడడం మొదలుపెట్టారు. ఆ అమ్మాయి నవ్వుతూ మాట్లాడుతుంది, వాళ్ల పిల్లల చదువులు అడుగుతుంది. మేడమ్ కాగితాలు సర్దుతున్నట్టు తల వంచుకుని అన్నీ వినేది. మధ్యాహ్నం డబ్బా విప్పి, సగం తిని మూసేసేది.

మేడమ్ దగ్గరికి వచ్చేవాళ్లలో ఒక లారీ డ్రైవరు ఉన్నాడు. మోకాలి ఆపరేషన్‌కు ముందు ఎనిమిది కిలోలు తగ్గాలని డాక్టరు చెప్పాడు. వారానికి నాలుగు రోజులు లారీలు ఆగే చోట ఒకే హోటల్లో బిర్యానీ తినక తప్పదు అతనికి. “తినేముందు ఫొటో తీసి పంపు, మిగతా పూటలు దానికి తగ్గట్టు సర్దుతాను” అంది మేడమ్. అతను బుద్ధిగా పంపేవాడు. ఆవిడ ప్రతిసారీ ఒకే లెక్క కట్టేది. అన్నం మూడొందల యాభై గ్రాములు, నూనెతో కలిపి ఆరొందల ముప్ఫై కేలరీలు. చికెన్ ముక్కలకు రెండొందల యాభై. అంతా కలిపి తొమ్మిది వందల లోపు.

రెండు నెలలైనా అతని బరువు కిలో కూడా తగ్గలేదు.

“ఫొటోకు రాని తిండి ఏదో తింటున్నావు. నా దగ్గర దాచకు” అంది మేడమ్.

“ఒట్టు మేడమ్. టీలో పంచదార కూడా మానేశాను.”

పక్కనే కూర్చున్న అతని భార్య మొగుడి వైపు గుడ్లురిమి చూసింది. “ఇంట్లో కడుపు కట్టుకుని, బయట మేస్తున్నావన్నమాట” అంది. అతను తల దించుకున్నాడు.

తర్వాతి వారం మేడమ్ ఒకరోజు సెలవు పెట్టింది. ఆ రోజే అతని ఫొటో వచ్చింది. ఆసుపత్రి ఫోన్ కొత్తమ్మాయి చేతిలో ఉంది. మర్నాడు మేడమ్ వచ్చి చూస్తే, ఫొటో కింద ఆ అమ్మాయి జవాబు కనిపించింది. ‘అన్నా, ఇది దాదాపు పద్నాలుగు వందల కేలరీలు ఉంటుంది. సగమే తిని, మిగతాది పొట్లం కట్టించుకోండి.’

మేడమ్ చెవులు వేడెక్కాయి.

“పద్నాలుగు వందలా? ఎక్కడ కనిపించాయమ్మా నీకు?”

“పళ్లెం పెద్దది అక్కా. ఇదిగో, చెంచా చూడండి.” ఆ అమ్మాయి ఫొటోను వేళ్లతో పెద్దది చేసింది. “తినే చెంచా జానెడు కన్నా కాస్త తక్కువ, ఏడంగుళాలు ఉంటుంది. పళ్లెం పదంగుళాలదైతే చెంచా ముప్పాతిక దాకా రావాలి. ఇక్కడ సగం దాటి కొంచెమే వచ్చింది. అంటే పళ్లెం పదమూడు అంగుళాలు. వెడల్పు పెరిగిందంటే పొడుగూ పెరిగినట్టే కదా, అన్నం ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. పైనుంచి తీశాడు కాబట్టి ఎత్తు తెలీడం లేదు, అది మామూలే అనుకుని చెప్పాను.”

ఆ మాటలు ఒక్కొక్కటీ అర్థమవుతున్నాయి. అర్థమవుతున్న కొద్దీ ఉక్రోషం పెరిగింది. “వంటింట్లో పనిచేసినంత మాత్రాన అన్నీ తెలిసిపోవు” అని కుర్చీ వెనక్కి జరిపి బయటికి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం మొగుణ్ని భోజనానికని బయల్దేరదీసింది. అతను సంబరంగా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బండి లారీలు ఆగే చోట ఆగేసరికి అతని ముఖం కాస్త వాడింది. బిర్యానీ రాగానే మేడమ్ సంచిలోంచి వంటింటి త్రాసు తీసి బల్ల మీద పెట్టింది.

“నన్ను తినడానికి తీసుకొచ్చావా, తూచడానికి తీసుకొచ్చావా?”

“కాసేపు ఓపిక పట్టండి.”

టేపుతో పళ్లెం కొలిచింది. పదమూడు అంగుళాలు. ఖాళీ గిన్నె పెట్టి త్రాసు సున్నాకు తెచ్చి, అన్నమంతా కొంచెం కొంచెంగా తూచింది. ఐదొందల తొంభై గ్రాములు. ముక్కలూ తూచింది. మొగుడు తిన్నాక ఎముకల బరువు తీసేస్తే, మాంసం నూట డెబ్బై అయిదు. కాగితం రుమాలు మీద లెక్క వేసింది. అన్నానికి వెయ్యీ అరవై, మాంసానికి మూడొందల యాభై. పద్నాలుగు వందల పది.

వడ్డించే అతన్ని పిలిచి, “ఈ పళ్లేలు ఎప్పటినుంచి?” అని అడిగింది.

“ఏడాది దాటిందమ్మా. పాతవి చిన్నగా ఉన్నాయని మార్చేశారు.”

పాత పళ్లెంలో తను ఎన్నోసార్లు తింది. ఫొటోలో గుండ్రంగా కనిపించిన ప్రతిదాన్నీ ఆ పదంగుళాల పళ్లెమే అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గు పడాలి. కానీ ఆవిడకు ముందు గుర్తొచ్చింది ఆ పిల్ల ముఖం. ఎందుకు తెలియాలి దానికి, అదీ వచ్చిన రెండో నెలలో? రుమాలు నలిపి సంచిలో పడేసుకుంది.

సోమవారం ఎవరికీ చెప్పలేదు. మంగళవారమూ చెప్పలేదు. ఆ ఒక్క పూటే ఎక్కువ వడ్డించారని డ్రైవరు అనుకుంటాడు, తనే నెమ్మదిగా లెక్క మార్చేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. బుధవారం లారీ డ్రైవరు భార్యతో వచ్చాడు. డాక్టరు అతని బరువు చూసి విసుక్కుని, “చెప్పిన మాట వినని మనిషికి నేనేం చేయను? ఆపరేషన్ వాయిదా వేద్దాం” అని ఫైలు మేడమ్‌కు పంపాడు. అందులో ‘సహకరించడం లేదు’ అని రాసి ఉంది.

వరండాలో భార్య గొంతు వినిపిస్తోంది. “అబద్ధాలకోరు మనిషివి. నీ కాలు నొప్పి చూడలేక నేను చస్తున్నాను.”

మేడమ్ లేచి తలుపు దాకా వెళ్లి ఆగింది. వెనక బల్ల దగ్గర ఆ అమ్మాయి తననే చూస్తోందని తెలుసు. బయటికి వచ్చింది.

“అతను అబద్ధం చెప్పలేదమ్మా. లెక్క నేనే తప్పు వేశాను. హోటల్లో పళ్లెం మార్చారు, పాత చిన్నదే అనుకున్నాను. ప్రతిసారీ ఐదొందల పైచిలుకు కేలరీలు తక్కువ చెప్పాను. వారానికి నాలుగు రోజులంటే రెండు వేలు దాటిపోయింది. ఇంక ఎలా తగ్గుతాడు?”

భార్య మొగుడి చెయ్యి పట్టుకుంది. డ్రైవరు కళ్లు తుడుచుకున్నాడు.

మేడమ్ ఆ ఫైలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి, రాసింది కొట్టేయించింది. “మీరెలా కనిపెట్టారు?” అని అడిగాడు ఆయన. తనే కనిపెట్టానని చెప్పాలనిపించింది. నాలుక చివరి దాకా వచ్చింది.

“కొత్తమ్మాయి కనిపెట్టింది” అంది.

గదిలోకి రాగానే ఆ అమ్మాయి, “అక్కా, ఎవరైనా పొరబడతారు. పళ్లెం మార్చారని మీకెలా తెలుస్తుంది?” అంది. ఎగతాళి చేసినా బాగుండేదనిపించింది మేడమ్‌కు. ఆ మంచితనం పుండు మీద కారంలా ఉంది.

మూడున్నర నెలల్లో డ్రైవరు ఎనిమిది కిలోలు తగ్గాడు. ఆపరేషన్ అయ్యాక చేతికర్రతో మెట్లెక్కి వచ్చి, బత్తాయిల సంచి సరాసరి కొత్తమ్మాయి బల్ల మీద పెట్టాడు. మేడమ్‌కు దండం పెట్టాడు. దండమే పెట్టాడు.

ఇప్పుడు ఏ ఫొటో వచ్చినా, పక్కన చెంచా పెట్టి, ఒకటి పైనుంచి, ఒకటి ఏటవాలుగా తీయమని ఇద్దరూ అడుగుతారు. ఎవరి అంచనా వాళ్లు విడిగా కాగితం మీద రాసుకుని, తర్వాత సరిచూసుకుంటారు. ఆ పద్ధతి పెట్టింది మేడమే. ఎక్కువసార్లు రెండు లెక్కలూ దగ్గరగానే వస్తాయి. తేడా వచ్చి, ఆ అమ్మాయి మాటే నిజమైన రోజున మాత్రం మేడమ్ ఇంటికి వెళ్లి గిన్నెలు చప్పుడు చేస్తూ తోముతుంది. మొగుడు టీవీ గొంతు తగ్గిస్తాడు.