కత్తి పిడి మీద మా ఇంటి ముడి

మా బావ అబద్ధమాడితే చిన్నప్పటి నుంచీ నాకు ఇట్టే తెలిసిపోయేది. కుడి చెవి గోక్కుంటాడు. హత్య కేసులో మొదటి ముద్దాయిగా, బెయిలు మీద బయటికొచ్చి నా ఆఫీసుకు వచ్చిన రోజు గోక్కోలేదు. ఇరవై ఏళ్ళుగా విశాఖ కోర్టులో క్రిమినల్ కేసులు చేస్తున్నవాణ్ణి, చెవి చూసి నమ్మేశాను. ఇంతకంటే తెలివితక్కువతనం ఇంకొకటి ఉండదు.

బావ మా మేనత్త కొడుకు. ఫిషింగ్ హార్బర్‌లో బోటు డ్రైవరు. మాది కూడా వేటకు పోయే ఇల్లే. నేనొక్కణ్ణే చదువుకుని నల్లకోటు వేసుకున్నాను. ఆ కోటు మీద బావకు మొదటి నుంచీ వెటకారం. "ఈ ఎండలో ఆ కంబళేటి బావా?" అనేవాడు. కేసు పడ్డాక మాత్రం ఆ కంబళి మీద చెయ్యి వేసి ఏడ్చాడు.

జరిగింది ఇది. పక్క బోటు డ్రైవరు వీళ్ళ వల కోసేశాడని గొడవ. బావ, బోటులో పనిచేసే అన్నదమ్ములిద్దరు, కొత్తగా చేరిన ఒక కళాసీ, నలుగురూ కలిసి ఐసు మిల్లు దగ్గర ఆ డ్రైవర్ని పట్టుకుని కర్రలతో కొట్టారు. అంతలో కళాసీ నడుములోంచి కత్తి తీసి ఒక్క పోటు పొడిచాడు. మనిషి మూడో రోజు పెద్దాసుపత్రిలో పోయాడు. పోలీసులు నలుగురి మీదా హత్య కేసే పెట్టారు. అందరిదీ ఒకే ఉద్దేశం, అందరిదీ ఒకే బాధ్యత అన్నారు. కొత్త చట్టంలో ఆ సెక్షను నంబరు మారింది కానీ బార్ రూములో మేమింకా ముప్పై నాలుగు అనే అంటాం.

ఆ సెక్షను వినడానికి తేలిక, తప్పించుకోవడానికి కష్టం. నలుగురూ చంపాలనే అనుకుని ఉంటే, పొడిచింది ఒక్కడైనా నలుగురికీ యావజ్జీవమే. కొట్టాలని మాత్రమే అనుకుంటే, ఒకడు ఆ అనుకున్నది దాటిపోతే, దాటినది వాడి ఖాతా. మిగతావాళ్ళు కొట్టినంతకే జవాబుదారీ. అంటే కేసంతా ఒక్క ప్రశ్న మీద నిలబడింది: కత్తి ఉందని మిగతా ముగ్గురికీ తెలుసా?

"మా అమ్మ తోడు బావా, తెలీదు. కత్తులన్నీ ఐసు పెట్టిలో ఎట్టే ఎల్లినాం," అన్నాడు బావ.

నాకు ప్రాణం లేచొచ్చింది. మా వాళ్ళలో అదొక కట్టుబాటు. బోటులో ప్రతివాడి మొలలోనూ వల కోసుకునే కత్తి ఉంటుంది. ఒడ్డున తగువుకు వెళ్ళాల్సి వస్తే కత్తులు తీసి ఐసు పెట్టెలో పడేసి, కర్రలతోనే వెళ్ళాలి. కత్తితో వెళ్ళినవాణ్ణి ఆ తర్వాత ఏ బోటూ ఎక్కించుకోదు. పోలీసులే ఆ పెట్టెలోంచి నాలుగు కత్తులు తీసి పంచనామా రాసుకున్నారు. వాళ్ళకు దాని అర్థం తెలియలేదు. నలుగురు మనుషులు, పెట్టెలో నాలుగు కత్తులు, పొడిచింది అయిదోది. ఈ ముగ్గురికీ చంపే ఆలోచన ఉంటే కత్తులు వదిలి ఎందుకు వెళ్తారు? ప్రాసిక్యూషన్ కాగితంతోనే ప్రాసిక్యూషన్ నోరు మూయించొచ్చని పొంగిపోయాను. బావ, ఆ అన్నదమ్ములు, ముగ్గురికీ నేనే వకాల్తా వేశాను. కళాసీకి కోర్టే న్యాయసహాయం కింద ఒక ప్లీడర్ని ఇచ్చింది.

సాక్ష్యాలు బాగానే నడిచాయి. కత్తి పైకి రాగానే అన్నదమ్ముల్లో చిన్నవాడు "ఒరే, ఏటిది!" అని కేక పెట్టాడని క్రాసులో ప్రత్యక్ష సాక్షి చేతే చెప్పించాను. ఆ రోజు కాలరెగరేసుకుని తిరిగాను.

తర్వాతి వాయిదాలో పంచనామా సాక్షికి చూపించడానికి హత్యాయుధం సీలు విప్పారు. నేను మామూలుగా ముందుకు వంగి చూశాను. పిడికి వల దారం చుట్టి ఉంది. చివర రెండు మెలికలు తిప్పి, మూడోదాన్ని వెనక్కి తెచ్చి కిందికి దోపిన ముడి. అది మా నాన్న ముడి. ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కోలా కడతారు. నాన్న ఈ ముడి ఇద్దరికే నేర్పాడు, నాకూ బావకూ. కోర్టు హాలులో అది చదవగలిగినవాళ్ళం ఇద్దరమే. పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఆ కత్తిని అటూ ఇటూ తిప్పి మళ్ళీ కవరులో పెట్టేశాడు. నేను కూర్చున్నాను.

మధ్యాహ్నం బావను బార్ రూము వెనక్కి లాక్కెళ్ళాను. "ఆడికి కత్తి నువ్విచ్చినావా?"

చెవి గోక్కున్నాడు. "పాతది బావా. ఊరికే సూపించి బయపెట్టరా అని ఇచ్చినాను. ఆడు పొడిసేత్తాడని నాకేటి తెల్సు?"

"మరి నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే నువ్వు కేసు సెయ్యవని."

కొట్టాలనిపించింది. నిజంగా చెయ్యి లేచింది. ఆ మాట మొదటే చెప్పి ఉంటే భయపెట్టడం వేరు, చంపడం వేరు అని వాదించడానికి దారి వెతికేవాణ్ణి. ఇప్పుడు ఐసు పెట్టె కథ అంతా నా నోటితో చెప్పించాడు. పైగా ఏమీ తెలియని ఆ అన్నదమ్ముల్ని నా వకాల్తాలోనే తన పక్కన నిలబెట్టాడు. వేరే ప్లీడర్ని పెట్టుకోమన్నాను. ఇప్పుడు మారితే జడ్జికి అనుమానం వస్తుందని కాళ్ళు పట్టుకున్నాడు. కక్షిదారు నాకు చెప్పుకున్నది నేను బయటపెట్టకూడదు. అబద్ధమని తెలిసిన మాట కోర్టుకు చెప్పనూ కూడదు. నాన్న ముఖం గుర్తొచ్చి ఆ కేసులోనే ఉండిపోయాను. అది తప్పని అప్పుడే తెలుసు.

వాదనలో అన్నదమ్ముల గురించి గొంతెత్తి "వీళ్ళకు తెలియదు" అన్నాను. బావ దగ్గరికొచ్చేసరికి "ఇతనికి తెలుసునని ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదు" అని మాత్రమే అన్నాను. ఆ రెండు మాటల మధ్య తేడా ఎవరూ పట్టించుకోలేదు.

ముగ్గురి మీదా హత్య నేరం కొట్టేశారు. కలిసి కొట్టినందుకు ఏడాది శిక్ష వేసి, అప్పీలుకు వెళ్ళేందుకు ఆ రోజే బెయిలిచ్చారు. కళాసీ ప్లీడరు, అది క్షణికావేశంలో జరిగిందని వాదించాడు. జడ్జిగారు ఒప్పుకోలేదు. మిగతావాళ్ళు కత్తులు పెట్టెలో వదిలి వెళ్తే, ఇతనొక్కడే ఇంకో కత్తి దాచుకుని వెళ్ళాడు, కనుక ముందుగా సిద్ధపడి వెళ్ళినట్టే అని తీర్పులో రాశారు. యావజ్జీవం. ఆ ఐసు పెట్టె వాదన నాది.

సాయంత్రం జైలు వ్యాను దగ్గర కళాసీ నన్ను పిలిచాడు. తగరపువలస దగ్గరి మనిషి, ముప్పై దాటి ఉంటాయి. విచారణ పొడుగునా నాతో ఒక్క మాటా మాట్లాడలేదు.

"బాబూ, అది మీ ఇంటి ముడని మీ బావ నాతో అన్నాడు. సీలు ఇప్పినప్పుడు ఆ ముడి మీరు సూసినారు. నాను మిమ్మల్నే సూత్తన్నాను," అన్నాడు.

ఫైలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"నా పీక మీదికొత్తే కత్తి తనదేనని సెప్తానని మీ బావ మాటిచ్చినాడు. ఆయన సెప్పకపోయినా ఆయన మనిషి మీరున్నారు కదా అనుకున్నాను. ఇద్దర్లో ఒకరైనా సెప్తారని కడాకరి దాకా సూసినాను బాబూ."

నా కక్షిదారుకు ఎసరు పెట్టకూడదన్నది నా వృత్తి ధర్మం. అది నిజమే. వ్యాను తలుపు వేసేశారు. గేటు దగ్గర బావ బండి స్టార్టు చేసి, "రా బావా, ఇంటికాడ దిగబెడతాను," అని పిలుస్తున్నాడు.