ఆరో నిమిషం ఎరుపు

ఆ వీడియోలో గొంతు నాది. అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఉన్న మా కంపెనీ ఆసుపత్రులకు రిజిస్ట్రేషన్ సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. కౌంటర్‌లో కూర్చునేవాళ్లకు దాన్ని నేర్పే వీడియోలు చేయడం నా ఉద్యోగం. స్క్రిప్ట్ రాసి, స్క్రీన్ రికార్డ్ చేసి, నేనే చెబుతాను. పేషెంట్ ఇన్సూరెన్స్ మారితే పాతది మూసి కొత్తది ఎలా ఎక్కించాలో చెప్పే తొమ్మిది నిమిషాల వీడియో ఒకటి చేశాను. గొడవంతా దాని మీదే వచ్చింది.

మా సిస్టమ్‌లో ప్రతి వీడియో కింద ఒక సన్నని పట్టీ ఉంటుంది. జనం ఒకసారి చూసి వదిలేసిన చోట లేత రంగు, వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ చూసిన చోట ఎరుపు. నా పట్టీ ఆరో నిమిషం దగ్గర నలభై సెకన్ల మేర ఎర్రగా ఉంది.

మా టీమ్ లీడ్ కూడా తెలుగువాడే, వరంగల్ వైపు. పదిహేనేళ్లలో తన ఇంగ్లీషుకు శుభ్రంగా ఇస్త్రీ చేయించుకున్నాడు. బ్రేక్‌రూమ్‌లో కాఫీ కలుపుకుంటూ చల్లగా చెప్పాడు.

"ఏమనుకోకండి మేడమ్, జనాలకి మన యాక్సెంట్ అర్థమైతలేదు. మొత్తం ఏఐ వాయిస్‌తో రీ-రికార్డ్ చేద్దాం. ఇకనుంచి అన్నిటికీ అదే పెడదాం."

"మన" అన్నాడు గాని, అందులో ఆయన లేడు. నాకు ఒళ్లు మండింది.

"శుక్రవారం దాకా టైమ్ ఇవ్వండి. ఎందుకు రివైండ్ చేస్తున్నారో కనుక్కుంటాను," అన్నాను.

"అండ్ల కనుక్కునేదేముంది?"

"ఉందండి," అని నా సీటుకు వచ్చేశాను.

తొమ్మిది నిమిషాలూ మాట్లాడింది ఒకే నోరు. అడ్డం నా యాసే అయితే పట్టీ అంతా ఎర్రబడాలి కదా? ఆ నలభై సెకన్లలో కొత్త మాట కూడా ఒక్కటీ లేదు. అయితే ఎరుపు ఎక్కడ తిరిగి చూశారో చెబుతుంది గాని, ఎందుకో చెప్పదు. మూడో నిమిషంలోనూ కాస్త ఎరుపుంది. అక్కడ కోడ్‌ల జాబితా వస్తుంది, జనం ఆపి రాసుకుంటారు, అది గందరగోళం కాదు. ఆరో నిమిషంలో రాసుకోవడానికి ఏమీ లేదు.

పైగా అర్థం కానివాళ్లు పది సెకన్లు వెనక్కి తీసుకెళ్లే బటన్ నొక్కుతారు, కాబట్టి ఎరుపు అసలు చిక్కుకన్నా ముందే మొదలవుతుంది. అందుకని ఒక్కొక్కరి పట్టీ విడిగా తెరిచి, వాళ్లు ఎక్కడి నుంచి వెనక్కి వెళ్లారో చూశాను. దాదాపు అందరూ ఒకే వాక్యం దగ్గర ఆగారు: "పాత పాలసీకి ముగింపు తేదీ వేయండి." ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు విన్నా నాకు స్పష్టంగానే ఉంది. రాసింది నేనే, స్పష్టంగా ఉండక ఏమవుతుంది?

గురువారం పొద్దున, మా సాఫ్ట్‌వేర్ వాడే ఒక ఆసుపత్రికి డ్రైవ్ చేసుకుని వెళ్లాను. అందరికన్నా ఎర్రటి పట్టీ అక్కడి కౌంటర్‌లో పనిచేసే ఒక అమెరికన్ ఆవిడది. యాభై దాటి ఉంటాయి. వీడియో చూస్తూ ఆ పని నా ముందు చేసి చూపించమని అడిగి, నోరు మూసుకుని పక్కన కూర్చున్నాను. ఆ వాక్యం రాగానే ఆవిడ ఆపేసింది. వెనక్కి తిప్పింది. మళ్లీ ఆపేసింది.

నా మాట అర్థం కావడం లేదా అని ఇంగ్లీషులో అడిగేశాను.

"నీ మాటకేం, బాగానే ఉంది," అంది ఆవిడ. "ఆ తేదీ వేసే గడి ఏది తల్లీ? నీ స్క్రీన్ మీద ఉంది, నా స్క్రీన్ మీద లేదు."

నిజంగానే లేదు. పక్కనున్న చిన్న బాణం నొక్కితే గాని ఆ గడి కనిపించదు. ఒకసారి తెరిస్తే ఆ లాగిన్‌కు అది తెరిచే ఉండిపోతుంది. నేను రిహార్సల్‌లో తెరిచి, అదే లాగిన్‌తో రికార్డింగ్‌కు కూర్చున్నాను. వీడియోలో ఆ క్లిక్కే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అంతకు రెట్టింపు సంతోషం కూడా వేసింది.

శుక్రవారం లీడ్‌కు అంతా చూపించాను. "తప్పు నాదేనండి, ఒప్పుకుంటున్నాను. కానీ తప్పు చేసింది నా చెయ్యి, నా గొంతు కాదు." ఆ మధ్యాహ్నమే కొత్త లాగిన్ తీసుకుని, బాణం నొక్కడంతో సహా ఆ నలభై సెకన్లు మళ్లీ రికార్డ్ చేశాను. అదే గొంతు, అదే యాస, అరసున్నా కూడా మార్చలేదు. తర్వాత కౌంటర్లలో కొత్తగా చేరిన బ్యాచ్ చూశాక, కొత్త వీడియో పట్టీ ఆ చోట లేత రంగుకు మారింది.

లీడ్ చూసి తలూపాడు. "మంచిగైంది. నెక్స్ట్ వీడియోకి మాత్రం ఏఐ పెట్టుకుందాం. అన్నీ ఒక్కతీరుగ ఉంటయి."

"పెట్టండి. ముందు నా గొంతు వల్ల ఎర్రబడ్డ సెకను ఒక్కటి చూపించండి."

మౌస్ పట్టుకుని పట్టీని ఈ చివర నుంచి ఆ చివరకు జరిపాడు. మళ్లీ వెనక్కి జరిపాడు. మీటింగ్ ఉందని లేచాడు.

ఆ రోజు సాయంత్రమే, తర్వాతి వీడియోకి ఫారమ్ పంపాడు. అందులో "వాయిస్" అన్న గడి ఖాళీగా ఉంది. నా పేరు రాసి తిరిగి పంపాను.